వేలి చుక్కలో 138, ల్యాబ్ రిపోర్టులో 117: ఎంత తేడా వరకు ఫర్వాలేదు?

ప్రశ్న: "అమ్మకి 58 ఏళ్ళు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతోంది. మొన్న పొద్దున ఆరున్నరకి ఇంట్లో మీటర్‌తో చూస్తే పరగడుపున 138 వచ్చింది. ల్యాబ్ అబ్బాయి 6:50కి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళాడు, రిపోర్టులో 117. ఎనిమిదింటికి టిఫిన్ తింది. పదింటికి మీటర్‌లో 231, ల్యాబ్ వాళ్ళు 10:25కి తీసిన రక్తంలో 184. హిమోగ్లోబిన్ 10.2 ఉంది. మీటర్ పాడైందా, ల్యాబ్ తప్పా? కొత్త మీటర్ కొనాలా? ఎంత తేడా వరకు ఫర్వాలేదు?"

జవాబు:

కొత్త మీటర్ కొనకండి. ల్యాబ్‌ని కూడా అనుమానించక్కర్లేదు. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ సెక్షన్ చూస్తాను. ఇలా రెండు కాగితాలు పట్టుకొని గొడవకొచ్చేవాళ్ళు వారంలో ఒకరైనా ఉంటారు. టైమ్‌లు రాసి అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. మీరు రాశారు కాబట్టి లెక్క తేల్చడం తేలికైంది.

ముందు ఎంత తేడా వరకు ఫర్వాలేదన్న సంగతి. గ్లూకోమీటర్లకు ఐఎస్ఓ 15197 అనే ప్రమాణం ఉంది. దాని 2013 రూపం ప్రకారం, ల్యాబ్ విలువ 100 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు మీటర్ 15 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. 100 కంటే తక్కువ ఉన్నప్పుడు శాతం లెక్క పక్కన పెట్టి 15 మిల్లీగ్రాములు అటూ ఇటూ అనుకోవాలి. ఇది కూడా నూటికి 95 రీడింగులకే. మిగతా అయిదు ఇంకొంచెం పక్కకు పోయినా మీటర్ పాసైనట్టే. 2003లో వచ్చిన పాత ప్రమాణంలో 20 శాతం వరకు ఒప్పుకునేవారు. ఇంట్లో పాత మీటర్ ఉంటే అది ఆ కాలందే కావచ్చు.

మీ అమ్మగారి పరగడుపు లెక్క చూద్దాం. 117లో 15 శాతం అంటే దాదాపు పదిహేడున్నర. అంటే 100 నుంచి 134 దాకా సరే. మీటర్ 138 చూపించింది, నాలుగు అంకెలు బయట పడింది. ఇక్కడే చాలామంది "మీటర్ ఫెయిల్" అని తేల్చేస్తారు. కానీ ఆ 15 శాతం ఇచ్చింది ఒక్క మీటర్ పొరపాటుకే. ఆ ప్రమాణం పరీక్షించేటప్పుడు ఒకే మనిషి నుంచి, ఒకే సమయంలో, చాలాసార్లు అదే వేలి నుంచి రక్తం తీసుకొని, శిక్షణ ఉన్నవాళ్ళు నిమిషాల్లో నాణ్యమైన మెషీన్ మీద పెట్టి పోలుస్తారు. మీ ఇంట్లో జరిగింది అది కాదు. ఒకటి వేలి రక్తం, ఒకటి మోచేతి నరం రక్తం. ఒకటి ఆరున్నరది, ఒకటి ఆరూ యాభైది. ఒకటి అయిదు సెకన్లలో తేలింది, ఇంకొకటి ట్యూబులో ఊరు చుట్టి తేలింది. ఈ తేడాలన్నీ మీటర్ ఖాతాలో వేయకూడదు.

వీటిలో నన్ను అడిగితే అందరూ మర్చిపోయేది ట్యూబ్ ప్రయాణం. రక్తం ఒంట్లోంచి బయటకు వచ్చాక కూడా అందులోని ఎర్రకణాలు, తెల్లకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో ఏ మందూ లేని ట్యూబులో పెడితే గంటకు దాదాపు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ పోతుంది. అందుకే షుగర్ పరీక్షకు బూడిద రంగు మూత ఉన్న ట్యూబ్ వాడతారు. అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది, కణాలు గ్లూకోజ్‌ని వాడుకోకుండా ఆపుతుంది. ఒక చిక్కేమిటంటే ఫ్లోరైడ్ వెంటనే పనిచేయదు. గ్లూకోజ్ విరిగే వరుసలో చివరికి దగ్గరగా ఉన్న ఎంజైమ్‌ని అది ఆపుతుంది, ముందున్న మెట్లు కాసేపు నడుస్తూనే ఉంటాయి. కాబట్టి మొదటి గంటా రెండు గంటల్లో కొంత తగ్గుదల తప్పదు. ఆ తర్వాత నిలకడగా ఉంటుంది. మొత్తం మీద సుమారు 5 శాతం పోయిందనుకోవచ్చు.

మీ రిపోర్టు పై భాగంలో "శాంపిల్ తీసిన సమయం", "ల్యాబ్‌కి అందిన సమయం" అని రెండు వరుసలు ఉంటాయి, ఒకసారి చూడండి. ఇంటికొచ్చి తీసే అబ్బాయి ఆరూ యాభైకి మీ ఇంట్లో మొదలుపెట్టి ఇంకో ఆరేడు ఇళ్ళు తిరిగి ల్యాబ్ చేరేసరికి తొమ్మిదిన్నర దాటడం మామూలే. అతని తప్పేమీ లేదు, రూట్ అలా ఉంటుంది. ఎండాకాలంలో బండి డిక్కీలో ఐస్ ప్యాక్ లేకుండా తిరిగిన ట్యూబయితే తగ్గుదల ఇంకా పెరుగుతుంది. రంగు మూత చూశారా లేదా అన్నది కూడా ముఖ్యం. ఎర్రమూత ట్యూబులో వేసి గంటల తర్వాత సీరం తీస్తే పది, పదిహేను శాతం పోయినా ఆశ్చర్యం లేదు. ల్యాబ్‌కి రక్తం ఇవ్వడం సరిగ్గా జరగాలంటే ల్యాబ్‌కే వెళ్ళి ఇవ్వడం మంచిది. అక్కడ ట్యూబ్ అరగంటలోపు మెషీన్‌లో తిరిగి ప్లాస్మా, అంటే కణాలు లేని రక్తపు ద్రవం, వేరయిపోతుంది. ఇంట్లో తీయించుకుంటే బూడిద మూత ట్యూబ్ అడగండి, అంతే.

ఇప్పుడు 117ని ఆ 5 శాతం కోణంలో చూస్తే, రక్తం తీసిన క్షణానికి నరంలో ఉన్నది దాదాపు 123 అనుకోవచ్చు. 138కీ దానికీ తేడా 15, అంటే 12 శాతం. ఇది మీటర్‌కి ఒప్పుకున్న హద్దులోనే ఉంది. ఇది అంచనాయే, కొలత కాదు. కానీ "ఫెయిల్" అన్న తీర్పు ఎంత తొందరపాటో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆ మిగిలిన 12 శాతంలో మీరు రాసిన హిమోగ్లోబిన్ 10.2కి వాటా ఉంది. ప్లాస్మాలో నీళ్ళు దాదాపు 93 శాతం, ఎర్రకణాల్లో 71 శాతమే. గ్లూకోజ్ నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి మొత్తం రక్తంలో కొలిస్తే వచ్చే విలువ కన్నా ప్లాస్మాలో కొలిచినప్పుడు 11 శాతం ఎక్కువ వస్తుంది. ల్యాబ్ కొలిచేది ప్లాస్మాని. మీటర్‌కి చేరేది మొత్తం రక్తం. ఇప్పటి మీటర్లు ఆ 11 శాతాన్ని తమంతట తామే కలిపి ప్లాస్మా విలువగా చూపిస్తాయి. అయితే ఆ గుణకం 43 శాతం ఎర్రకణాలు ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకొని పెట్టింది. రిపోర్టులో దీన్నే పీసీవీ అని రాస్తారు. అమ్మగారి హిమోగ్లోబిన్‌కి పీసీవీ 31 చుట్టూ ఉంటుంది. కణాలు తక్కువ, ప్లాస్మా ఎక్కువ, పైగా స్ట్రిప్ లోపలికి గ్లూకోజ్ తేలిగ్గా చేరుతుంది. ఫలితంగా మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రక్తం చిక్కగా ఉన్నవాళ్ళలో, హిమోగ్లోబిన్ 18 దాటినవాళ్ళలో, దీనికి ఎదురుగా తక్కువ చూపిస్తుంది. కొన్ని కొత్త మీటర్లు పీసీవీని కూడా అంచనా వేసి సరిదిద్దుకుంటాయి. స్ట్రిప్ డబ్బాతో వచ్చే మడత కాగితంలో, పీసీవీకే ఇంకో పేరైన "హిమటోక్రిట్" అన్న మాట పక్కన ఒక పరిధి ఉంటుంది. అమ్మగారి పీసీవీ ఆ పరిధిలో లేకపోతే ఆ స్ట్రిప్ ఆమెకు సరిపడదు, మీటర్ మంచిదైనా సరే.

ఇంకో పాత నమ్మకం కూడా ఇక్కడే తీసేద్దాం. "మీటర్ ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది, పదో పన్నెండో శాతం కలుపుకోవాలి" అని పెద్దవాళ్ళు కొందరు చెబుతారు. మొత్తం రక్తం విలువనే చూపించే మీటర్లున్న కాలంలో అది నిజం. ఇప్పుడు మీటరే కలిపి ఇస్తోంది. మళ్ళీ మనం కలిపితే రెండుసార్లు కలిపినట్టు.

టిఫిన్ తర్వాత 231, 184 చూసి మీరు కంగారు పడ్డారు. నిజానికి ఈ జంటలో అనుమానించడానికి తక్కువ ఉంది. కారణం శరీరంలోనే ఉంది. వేలి చివర ఉన్న రక్తం దాదాపు ధమని రక్తం లాంటిది, గుండె నుంచి అప్పుడే వచ్చింది. మోచేతి నరంలోది ముంజేతి కండరాలు తమకు కావలసింది తీసుకున్నాక తిరిగొస్తున్న రక్తం. పరగడుపున ఇన్సులిన్ తక్కువగా ఉండి కండరాలు పెద్దగా తీసుకోవు, అందుకని రెండిటికీ తేడా రెండు మూడు అంకెలే. తిన్నాక ఇన్సులిన్ పెరిగి కండరాలు గ్లూకోజ్‌ని లాక్కుంటాయి, అప్పుడు వేలి రక్తం నరం రక్తం కన్నా 20, 30 మిల్లీగ్రాములు ఎక్కువ ఉండటం సహజం. కొందరిలో ఇంకా ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళలో ఇన్సులిన్ పని మందగించి ఈ తేడా కొంచెం తగ్గవచ్చు, మాయమవదు.

దీనికి తోడు మీ రెండు కొలతల మధ్య పాతిక నిమిషాలున్నాయి. తిన్న రెండు గంటల చోట షుగర్ కిందికి దిగుతూ ఉంటుంది. పాతిక నిమిషాల్లో పది, పదిహేను తగ్గడం వింత కాదు. ఇప్పుడు మీ 184ని వెనక్కి కట్టండి. ట్యూబులో పోయిన 5 శాతం కలిపితే 194. పాతిక నిమిషాల దిగుడుకు పన్నెండు కలిపితే పదింటికి నరంలో 206. వేలికీ నరానికీ తేడాగా ఒక పదిహేను కలిపితే 221. మీటర్ చూపించింది 231, తేడా పది. అయిదు శాతం కూడా లేదు. ఈ అంచనాల్లో ప్రతిదీ కొంచెం అటూ ఇటూ కావచ్చు. కానీ పై నుంచి చూస్తే 47 కనిపించిన తేడా దేనితో కట్టబడిందో అర్థమవుతుంది.

ఈ కారణంగానే నేను ఎవరికైనా చెప్పే మాట ఒక్కటే: మీటర్‌ని పరీక్షించాలంటే తిన్నాక పరీక్షించకండి. పరగడుపునే పోల్చండి. తిన్నాక లెక్కించాల్సి వస్తే గడియారం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు మొదలవుతుంది, చేతులు కడుక్కున్నప్పుడు కాదు. అరగంట భోజనం చేసేవాళ్ళకు ఇదొక్కటే ముప్ఫై నిమిషాల తేడా తెస్తుంది.

సరే, సరైన పోలిక ఎలా చేయాలో చెబుతాను. నరం రక్తం తీసే మనిషి వచ్చిన తర్వాతే మీటర్ తీయండి. అమ్మగారి చేత సబ్బుతో చేతులు కడిగించి పూర్తిగా తుడవండి. ఇక్కడ సబ్బుకి ప్రత్యేకమైన పని ఉంది. స్ట్రిప్ పీల్చుకునేది ఒక మైక్రోలీటరు లోపు రక్తం, దానిలోని గ్లూకోజ్ ఒక గ్రాములో పది లక్షల వంతు చుట్టూ ఉంటుంది. అరటిపండు వలిచిన వేలికి, మామిడిపండు ముక్కలు కోసిన వేలికి అంతకన్నా ఎక్కువ పంచదార అంటుకొని ఉంటుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే ఆ జిడ్డు పోదు. కడిగితేనే పోతుంది. స్పిరిట్ వాడితే అది పూర్తిగా ఆరాలి, ఆరకపోతే చుక్క పలచనవుతుంది. వేలి పక్కన గుచ్చండి, చివరి మెత్తటి భాగంలో వద్దు. చెయ్యి కిందికి వేలాడదీస్తే రక్తం తనంతట తానే వస్తుంది. వేలిని ఆవు పొదుగులా పిండితే రక్తంతో పాటు కండలోని నీరు కూడా వచ్చి విలువ కిందికి పోతుంది.

శుభ్రంగా కడిగిన వేలికి మొదటి చుక్కే చాలు. కడగడం కుదరకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండోది పెట్టండి. ఒక స్ట్రిప్ పెట్టాక రెండు నిమిషాల్లోపు ఇంకొకటి పెట్టండి. ఆ రెండిటి మధ్యనే అయిదు నుంచి పది అంకెల తేడా వస్తే కంగారు పడకండి, స్ట్రిప్ మీద అంతకంటే కచ్చితత్వం లేదు. ఆ రెండిటి సగటు రాసుకోండి. ఆ వెంటనే నరం రక్తం తీయించండి, టైమ్ రాయండి. ఇలా వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేస్తే తీర్పు చెప్పడానికి చాలు. ఒక్క జంటతో ఏమీ తేలదు. సిరంజిలోని నరం రక్తాన్నో, బూడిద మూత ట్యూబులోని రక్తాన్నో స్ట్రిప్ మీద వేసి చూసేవాళ్ళున్నారు. స్ట్రిప్ కాగితంలో అనుమతి లేకపోతే అది పరీక్షే కాదు.

ఇక మూడు జతలు వచ్చాక ఏం చూడాలి? అంకెల కన్నా వాటి నడక ముఖ్యం. మీటర్ ప్రతిసారీ ల్యాబ్ కన్నా 10, 12 శాతం ఎక్కువే చూపిస్తుంటే నాకు దాంతో పేచీ లేదు. అది నిలకడైన మీటర్. నిన్నటి విలువతో ఇవాళ్టిది పోల్చడానికి, మందు పనిచేస్తోందా చూడటానికి పనికొస్తుంది. ఒకసారి 12 శాతం ఎక్కువ, ఇంకోసారి 14 తక్కువ, మరోసారి సరిగ్గా సమానం అంటే, ఒక్కొక్కటీ హద్దులోనే ఉన్నా నేను దాన్ని నమ్మను. స్ట్రిప్‌ల మీదే అనుమానం వస్తుంది. అప్పుడు ముందు చూడాల్సింది స్ట్రిప్ డబ్బా మూత. మూత సరిగ్గా పడకుండా వంటింట్లో అలమరాలో పడి ఉన్న డబ్బా, విశాఖ, కాకినాడ లాంటి చోట గాలిలోని తేమకే చెడిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది. ఒక్కో స్ట్రిప్‌ని తీసి వేరే డబ్బాలో దాచుకోవడం కూడా అంతే నష్టం. డబ్బా తెరిచిన తేదీ దానిమీద పెన్నుతో రాయండి. తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో డబ్బా మీదే రాసి ఉంటుంది. అనుమానం తీరకపోతే ఆ కంపెనీ కంట్రోల్ సొల్యూషన్, అంటే గ్లూకోజ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రవం, కొని ఒక చుక్క వేసి చూడండి. డబ్బా మీద ముద్రించిన పరిధిలో రాకపోతే తప్పు మీటర్‌దో స్ట్రిప్‌దో అని తేలిపోతుంది, ఇక ల్యాబ్‌తో పోల్చక్కర్లేదు. మూడు సరైన పోలికల్లో రెండు 20 శాతం దాటితే స్ట్రిప్‌లు మార్చండి, ఆ తర్వాతే మీటర్.

మీ ఇంట్లో పరిస్థితికి సంబంధం లేకపోయినా ఒక్క మాట. పొట్టలో నీళ్ళు నింపే డయాలిసిస్ చేయించుకునేవాళ్ళలో, నరం ద్వారా ఎక్కువ మోతాదులో విటమిన్ సి తీసుకునేవాళ్ళలో కొన్ని రకాల స్ట్రిప్‌లు ఉన్నదానికన్నా చాలా ఎక్కువ చూపిస్తాయి. వాళ్ళకు 15 శాతం లెక్క వర్తించదు. బీపీ పడిపోయి చేతులు చల్లబడిన మనిషికి వేలి రక్తం నమ్మలేం, నరం రక్తమే చూడాలి.

ల్యాబ్ అంకెకూ తప్పులేనితనం లేదు కానీ, షుగర్ ఉందా లేదా నిర్ధారించడానికి నరం రక్తమే కావాలి. పరగడుపున 126 హద్దు మీద మీటర్‌తో ఎవరికీ షుగర్ ఉందనో లేదనో చెప్పకూడదు, ఎందుకంటే 126 దగ్గర 15 శాతం అంటే 107 నుంచి 145 వరకు. ఇంట్లో రోజూ చూసుకోవడానికి మాత్రం మీటరే. మూడు నెలల సగటు అని చేసే హెచ్‌బీఏ1సీ మీద కూడా అమ్మగారి విషయంలో పూర్తిగా ఆధారపడకండి. ఐరన్ లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో అది కూడా ఎక్కువ చూపించవచ్చు. ముందు ఆ రక్తహీనత ఎందుకో డాక్టర్‌కి చూపించండి.

చివరిగా, ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా భయం పుట్టించేది 138, 117 కాదు. ఆమె వాడుతున్న గ్లిమెపిరైడ్. ఆ మాత్ర షుగర్‌ని బాగా కిందికి దింపగలదు. రక్తం తక్కువగా ఉండి మీటర్ ఎక్కువ చూపిస్తున్న మనిషిలో నిజం 62 ఉంటే స్క్రీన్ మీద 76 రావచ్చు. హద్దులోనే ఉంది, పైగా 70 దాటింది, "నార్మలే" అనుకుంటారు. కాబట్టి ఆమె విషయంలో 80 కన్నా తక్కువ కనిపిస్తే దాన్ని తక్కువగానే లెక్కపెట్టండి. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక ఉంటే మీటర్ 85 చూపించినా వాదించకండి. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూడండి. మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. అలా ఒక్కసారి జరిగినా మాత్ర మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సిందే, మీటర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.